డాలర్లు పూర్తిగా వచ్చాయి, రూపాయలు ఎందుకు తగ్గాయి?

*అమ్మా, నమస్కారం. మా అమ్మాయి డాలస్‌లో చదువుకుంటోంది. ఈ మార్చి మొదట్లో నా క్రెడిట్ కార్డు మీద అక్కడి వెబ్‌సైట్‌లో 216.50 డాలర్లు పెట్టి సూట్‌కేసు కొంది. చక్రం సరిగ్గా తిరగడం లేదని వెనక్కి ఇచ్చేసింది. మొత్తం డబ్బు ఇచ్చేశామని కంపెనీవాళ్లు మెయిల్ పెట్టారు. కానీ నా కార్డులో పోయింది 19,681 రూపాయలు, తిరిగొచ్చింది 18,532. బ్యాంకుకి ఫోన్ చేస్తే “ఎక్స్ఛేంజ్ రేటు సార్” అని పెట్టేశారు. రేటుకే 1,149 రూపాయలు పోతాయా? ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది? బిల్లు అప్పటికే కట్టేశాను, వచ్చిన డబ్బేమో కార్డులోనే ఉండిపోయింది.*
*— రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి*

మాస్టారికి నమస్కారం. రేటు వల్ల పోయింది 368 రూపాయలేనండీ. మిగతా 781 రూపాయలకీ రేటుకీ సంబంధం లేదు. ఫోన్‌లో ఆ అబ్బాయి రెంటినీ కలిపి ఒకే మాటలో చెప్పేసి మిమ్మల్ని పంపించేశాడు. పదకొండేళ్లు ఒక బ్యాంకు కార్డుల విభాగంలో పనిచేశాను కాబట్టి ఆ మాట ఎంత సులువుగా నోటికొస్తుందో నాకు తెలుసు. నేనూ అన్నదాన్నే.

మీరు పంపిన స్టేట్‌మెంట్ పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను. కొన్న నెల పేజీలో ఈ సూట్‌కేసుకి ఒక వరస కాదు, మూడు వరసలున్నాయి. మొదటిది 18,900.45. దాని పక్కనే చిన్న అక్షరాల్లో USD 216.50 అని ఉంది. కొంచెం కిందకి వస్తే 661.52, ఆ తర్వాత 119.07. ఈ మూడూ కూడితే మీరు రాసిన 19,681 వస్తుంది. తర్వాతి నెల పేజీకి రండి. రిఫండ్ అక్కడ ఒకే వరసలో ఉంది, 18,532.40, పక్కన CR అని. వెళ్లేటప్పుడు ముగ్గురు వెళ్లారు, వచ్చేటప్పుడు ఒక్కరే వచ్చారు. ముందు చూడాల్సింది అదీ.

ఆ రెండో వరస, 661.52, ఫారిన్ కరెన్సీ మార్కప్. మన బ్యాంకు కార్డుతో విదేశీ కరెన్సీలో కొన్నందుకు బ్యాంకు వేసుకునే ఫీజు అది. మన దగ్గర చాలా కార్డుల మీద 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది, మీ కార్డుకి 3.5. లెక్కల మాస్టారు కాబట్టి మీరే వేసి చూసుకోండి, 18,900.45లో మూడున్నర శాతం ఎంతో. మూడో వరస ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. వస్తువు మీద కాదు, ఫీజు మీద మాత్రమే. అమ్మాయి కట్టిన టెక్సస్ పన్ను వేరు. 200 డాలర్ల సూట్‌కేసు మీద డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడి 216.50 అయింది. అది దుకాణం వసూలు చేసింది కాబట్టి దుకాణమే తిరిగిచ్చింది. మార్కప్ వసూలు చేసింది మీ బ్యాంకు. సూట్‌కేసు వెనక్కి వెళ్లినా, డాలర్లలో కొనే పని చేసి పెట్టాం కాబట్టి ఫీజు మాదే అన్నది ఎక్కువ బ్యాంకుల పద్ధతి. న్యాయమా అంటే నాకు ఎప్పుడూ కాదనే అనిపించేది. కానీ కార్డు తీసుకున్నప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో ఆ ముక్క సాధారణంగా ఉంటుంది.

కాబట్టి జేబుల లెక్క ఇలా తేలింది. 661.52 బ్యాంకుకి, 119.07 ప్రభుత్వానికి. మరి మిగిలిన 368? దాన్ని ఎవరూ తీసుకోలేదు.

ఇది వినడానికి దాటవేతలాగే ఉంటుంది, అందుకే కాస్త నిదానంగా చెప్తాను. పక్కింటావిడ పెళ్లికని మీ దగ్గర పది గ్రాముల బంగారం చేబదులు తీసుకున్నారనుకోండి. నెల తర్వాత పది గ్రాములూ తూకం వేసి మరీ ఇచ్చారు. ఆ నెలలో బంగారం ధర తగ్గింది. ఆవిడ మీకు బాకీ ఉన్నట్టా? లేదు, తీసుకున్నది బంగారం, ఇచ్చింది బంగారం. డాలస్ దుకాణానికి సంబంధించినంతవరకు అది తీసుకున్నది 216.50 డాలర్లు, ఇచ్చింది 216.50 డాలర్లు. రూపాయి అనేది దాని పుస్తకాల్లో ఎక్కడా లేదు. మీరు రూపాయల్లో ఎంత కట్టారో దానికి తెలియదు కూడా. ఆ డాలర్లని రూపాయలుగా మార్చింది మధ్యలో ఉన్న కార్డు నెట్‌వర్క్, అంటే మీ కార్డు మీద మూలన బొమ్మ ఉన్న వీసానో మాస్టర్‌కార్డో. అది ఒక్కసారి కాదు, రెండుసార్లు మార్చింది. రెండు వేర్వేరు రోజుల్లో మార్చింది.

ఎందుకు పాత రేటే వాడకూడదు అని మీరు అడుగుతారు. నెట్‌వర్క్ దృష్టిలో రిఫండ్ అంటే పాత లావాదేవీని చెరిపేయడం కాదు. అది కొత్త లావాదేవీ. మొదటిసారి డబ్బు మీ నుంచి దుకాణానికి వెళ్లింది, రెండోసారి దుకాణం నుంచి మీకు వచ్చింది. ప్రతిదానికీ అది నెట్‌వర్క్‌లో నడిచిన రోజు రేటు పడుతుంది.

ఆ “నడిచిన రోజు” ఏదన్నదే చాలామంది పొరబడే చోటు. అమ్మాయి ఆర్డర్ పెట్టింది మార్చి 1, శనివారం. మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చిందీ ఆ రోజే. కానీ అది మీ లిమిట్‌లో అంత మొత్తాన్ని పక్కన పెట్టి ఉంచడం మాత్రమే. అమెరికాలో చాలా వెబ్‌సైట్లు సరుకు గోడౌను దాటాకే డబ్బు నిజంగా తీసుకుంటాయి. మీ సూట్‌కేసు 4న బయల్దేరింది, లెక్క నడిచిందీ అప్పుడే, స్టేట్‌మెంట్‌లోకి ఎక్కింది 5న. తిరుగు ప్రయాణం ఇంకా పొడుగు. అమ్మాయి కొరియర్‌కి ఇచ్చింది 17న, గోడౌనుకి చేరింది 20న, వాళ్లు చక్రం తిప్పి చూసుకుని “రిఫండ్ ఇచ్చేశాం” అని మెయిల్ పెట్టింది 24న, మీ కార్డులో కనిపించింది 27న. రేటు ఖాయమైంది అమ్మాయి కొరియర్‌కి ఇచ్చిన రోజున కాదు, మీ కార్డులో పడిన రోజున కూడా కాదు. దుకాణం పంపిన రిఫండ్ నెట్‌వర్క్‌లో నడిచినప్పుడు, అంటే ఇంచుమించు ఆ మెయిల్ వచ్చిన 24, 25 తేదీల్లో.

ఈ మూడు వారాల మధ్య ఏం జరిగిందో పేపర్లో చూసే ఉంటారు. 2025 మార్చిలో రూపాయి డాలరు మీద రెండు శాతానికి పైగా బలపడింది. నెల మొదట్లో 87 దాటి ఉన్న డాలరు, నెలాఖరుకి 85 చిల్లరకి దిగింది. మీ పేజీల్లోనే అది కనిపిస్తుంది. 18,900.45ని 216.50తో భాగించండి, 87.30 వస్తుంది. 18,532.40ని భాగించండి, 85.60. డాలరుకి రూపాయి డెబ్బై పైసలు తగ్గింది. దాన్ని 216.50తో గుణిస్తే 368.05. దేశానికి శుభవార్త, మీ సూట్‌కేసుకి కాదు.

ఈ భాగహారం ఇంకో పనికి కూడా వస్తుంది. కొన్ని బ్యాంకులు మీ బ్యాంకులా మూడు వరసలు విడిగా చూపించవు, మార్కప్‌ని రేటులోనే కలిపేసి ఒకే మొత్తం వేస్తాయి. అలాంటి చోట రూపాయల్ని డాలర్లతో భాగిస్తే, ఆ రోజు పేపర్లో ఉన్న రేటు కంటే మూడు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుంది. మీ మొత్తం 19,681ని భాగించి చూడండి, డాలరు 90 రూపాయల 90 పైసలు పడినట్టు వస్తుంది. మార్చిలో డాలరు ఆ ధరకి లేదు. అంటే లోపల ఫీజు దాగి ఉందన్నమాట.

అదే అంకె ఇంకో సంగతి కూడా చెప్తుంది. రూపాయి బలపడే బదులు బలహీనపడి ఉంటే మీకు లాభం వచ్చేదా? రిఫండ్ రోజున డాలరు 88.50 ఉందనుకుందాం. 19,160 వచ్చేది. రేటు వల్ల 260 రూపాయలు ఎక్కువ వచ్చినా, ఫీజు దెబ్బకి ఇంకా 521 తక్కువే. మీరు పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలంటే డాలరు మూడు వారాల్లో 87.30 నుంచి 90.90 దాకా పాకాలి. రేటు ఒక్కోసారి మనవైపు, ఒక్కోసారి అవతలివైపు మొగ్గుతుంది. ఫీజు మాత్రం ఎప్పుడూ ఒకే వైపు. అందుకే ఫోన్‌లో “రేటు” అన్న మాట వినగానే సరే అనేయకూడదు.

రేటు సరైందే వేశారా అన్న అనుమానం ఉంటే మీరే తేల్చుకోవచ్చు. వీసాకీ మాస్టర్‌కార్డ్‌కీ వాళ్ల వెబ్‌సైట్లలో కరెన్సీ కాలిక్యులేటర్లు ఉన్నాయి. తేదీ, ఏ కరెన్సీ నుంచి ఏ కరెన్సీకి, ఎంత మొత్తం, బ్యాంకు ఫీజు ఎంత శాతం అని అడుగుతాయి. ఫీజు దగ్గర సున్నా వేసి చూడండి. మార్చి 4, 5 తేదీలు పెట్టి ఒకసారి, 24, 25 పెట్టి ఒకసారి. పైసల్లో తేడా వస్తే వదిలేయండి. ఏ తేదీకి నడిచిందో మనకి కచ్చితంగా తెలియదు, పైగా కొనుగోలుకీ రిఫండ్‌కీ వాడే రేట్లు ఒకే రోజున కూడా అచ్చం ఒకటే కానక్కర్లేదు. డాలరుకి రూపాయి, రూపాయిన్నర తేడా కనిపిస్తే మాత్రం రిఫండ్ వైపు కూడా బ్యాంకు ఏదో కోసిందేమో అడగాలి. మీ 85.60 ఆ రోజుల మార్కెట్ రేటు దగ్గరే ఉంది. ఆ వైపు నాకు అనుమానం లేదు.

ఇప్పుడు ఎవరిని ఏం అడగాలన్న సంగతి. దుకాణాన్ని అడగడానికి ఏమీ లేదు, మీ డాలర్లు మీకు వచ్చేశాయి. 216.50కి బదులు 205 వచ్చి ఉంటే అది రేటు గొడవ కాదు, సరుకు వెనక్కి తీసుకున్నందుకు వాళ్లు రీస్టాకింగ్ ఫీజో కొరియర్ ఛార్జో కోసుకున్నట్టు. అప్పుడు దుకాణంతోనే తేల్చుకోవాలి. ఈ తేడా తెలియక రూపాయల లెక్క పట్టుకుని అమెరికా దుకాణానికి ఘాటుగా మెయిళ్లు రాసినవాళ్లని చూశాను. అవతలివాళ్లకి ఆ గోలేమిటో అర్థం కూడా కాదు.

బ్యాంకుని రేటు గురించి అడగకండి. “ఆ 661.52, దాని మీద జీఎస్టీ రివర్స్ చేస్తారా” అని అడగండి, మెయిల్‌లో అడగండి. హక్కుగా రాదు. కానీ వస్తువు లోపం వల్ల పూర్తిగా వెనక్కి ఇచ్చిన కేసని, అడిగినవారు పాత ఖాతాదారని చూసి ఒక్కోసారి ఇస్తారు. నేను ఉన్న విభాగంలో చిన్న మొత్తాలకి ఆ వీలు ఉండేది, అడిగినవాళ్లే తక్కువ. కాదంటే అక్కడితో వదిలేయమనే నా సలహా. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టుకోవచ్చు. కానీ షరతుల్లో రాసి ఉన్న ఫీజు మీద, మార్కెట్ రేటు మీద అక్కడిదాకా వెళ్లి ప్రయోజనం ఉండదు. రిఫండ్ అసలు రాకపోతే మాత్రం వెళ్లాల్సిందే. అలాంటప్పుడు దుకాణం నుంచి ఏఆర్‌ఎన్ అనే 23 అంకెల నంబరు తెప్పించుకోండి. అది ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వెతకగలదు. అది లేకుండా ఫోన్ చేస్తే “ఏడు పనిదినాలు ఆగండి” అనే పాటే మళ్లీ మళ్లీ వినాలి.

రేట్ల సంగతి ఇంత తెలిసీ నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. సింగపూర్‌లో ఒక దుకాణంలో 120 సింగపూర్ డాలర్ల బూట్లు కొన్నాను. కార్డు పెట్టగానే మెషిన్ మీద SGD, INR అని రెండు గడులు వచ్చాయి. మన రూపాయలే కదా, ఎంతో తెలిసిపోతుందని INR నొక్కాను. 7,800 చిల్లర పడింది. రాత్రి హోటల్లో వేసి చూస్తే ఇరుకు. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను. ఆ పిల్ల మర్యాదగా తీసుకుని మెషిన్‌లో రిఫండ్ కొట్టింది. వచ్చింది 7,390. అక్కడ మార్చింది వీసా కాదు, మాస్టర్‌కార్డూ కాదు. దుకాణం మెషిన్ వెనకాల ఉండే కంపెనీ తన సొంత రేటు వేసింది. కొన్నప్పుడు తనకి లాభంగా ఒక రేటు, తిరిగిచ్చినప్పుడు తనకి లాభంగా ఇంకొకటి. మీద నుంచి, విదేశీ దుకాణంలో రూపాయల్లో తీసుకున్నందుకు మా బ్యాంకు వేసిన ఫీజు వేరే. విదేశంలో మెషిన్ ఎప్పుడు అడిగినా అక్కడి కరెన్సీయే నొక్కాలి. వెబ్‌సైట్‌లో ధర రూపాయల్లో చూపించినా అంతే, వీలుంటే డాలర్లకి మార్చుకోండి.

ఆ రోజు నేను చేసిన రెండో తప్పు మర్నాటిదాకా ఆగడం. దుకాణాలు పగటి లావాదేవీలన్నీ ఒక కట్టగా రాత్రికి బ్యాంకుకి పంపుతాయి. కట్ట వెళ్లకముందే వెనక్కి ఇస్తే రిఫండ్ అక్కర్లేదు, “వాయిడ్” చేయమని అడగొచ్చు. అప్పుడు ఆ లావాదేవీ జరగనట్టే. మార్పిడీ లేదు, మార్కప్పూ లేదు, పక్కన పెట్టి ఉంచిన మొత్తం కొన్ని రోజుల్లో దానంతటదే విడిపోతుంది. ఆన్‌లైన్‌లో దీనికి సమానమైంది సరుకు బయల్దేరకముందే ఆర్డర్ క్యాన్సిల్ చేయడం. మీ అమ్మాయి విషయంలో మార్చి 4 లోపు అన్నమాట. చక్రం సంగతి అప్పటికి ఎవరికి తెలుసు!

సూట్‌కేసు చేతికొచ్చాక కూడా ఇంకో దారి ఉండేది. డబ్బు వెనక్కి తీసుకోకుండా అదే దుకాణంలో ఇంకో సూట్‌కేసుకి మార్చుకోవడం, లేకపోతే స్టోర్ క్రెడిట్ తీసుకుని తర్వాత వాడుకోవడం. డాలర్లు డాలర్లుగానే అక్కడ ఉండిపోతాయి, రూపాయిలోకి రానే రావు. ఇప్పుడు అమ్మాయి ఇంకో సూట్‌కేసు మళ్లీ మీ కార్డు మీదే కొంటే ఇంకో 781 రూపాయలు కడతారు. ఆమెకి అక్కడ బ్యాంకు ఖాతా ఉండే ఉంటుంది. అక్కడి ఖర్చులు అక్కడి కార్డుతోనే పెట్టుకోమనండి. మీ కార్డే వాడక తప్పదంటే, మార్కప్ లేని కార్డులు ఇప్పుడు కొన్ని దొరుకుతున్నాయి. తీసుకునే ముందు వార్షిక ఫీజు ఎంతో చూసుకోండి. ఏడాదికి రెండు సూట్‌కేసుల కోసమైతే లెక్క గిట్టదు.

చివరిగా కార్డులో ఉండిపోయిన 18,532. అది మీ డబ్బే, వచ్చే నెల బిల్లులో సర్దుతాంలే అని బ్యాంకు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. క్రెడిట్ కార్డుల మీద ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల్లో దీని గురించి స్పష్టంగా ఉంది. బిల్లు కట్టేశాక వచ్చిన రిఫండ్ మీ లిమిట్‌లో ఒక శాతం, 5,000 రూపాయలు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాన్ని దాటితే, కార్డులో సర్దడానికి బ్యాంకు ఏడు రోజుల్లోగా మీ అనుమతి అడగాలి. మీరు అనుమతి ఇవ్వకపోతే డబ్బు మీ బ్యాంకు ఖాతాకి పంపాలి. మొత్తం ఎంతైనా సరే, మీరే అడిగితే మూడు పనిదినాల్లో ఖాతాలో వేయాలి. మెసేజ్ ఏదైనా వచ్చి మీరు చూడకుండా “సరే” నొక్కారేమో ఒకసారి ఫోన్‌లో వెతకండి. నొక్కినా ఫర్వాలేదు, మిగులు ఉన్నంతవరకు అడగొచ్చు.

బ్యాంకుకి ఎలాగూ మెయిల్ రాస్తున్నారు కాబట్టి రెండూ అందులోనే పెట్టేయండి. ఇలా: “నా కార్డులో రిఫండ్ వల్ల మిగిలిన 18,532.40 రూపాయలు నా సేవింగ్స్ ఖాతాకి పంపండి. వస్తువు లోపం వల్ల పూర్తిగా వాపసు చేసిన ఈ కొనుగోలు మీద వేసిన మార్కప్ 661.52, జీఎస్టీ 119.07 రివర్స్ చేయగలరేమో తెలపండి.” కింద కార్డు చివరి నాలుగు అంకెలు, రెండు లావాదేవీల తేదీలు రాయండి. కార్డు నంబరు పూర్తిగా రాయొద్దు.